అక్షరాల కింద దాగిన ఆకాశం

సంక్రాంతికి వారం ముందు ఏ ఊళ్లోనైనా ఫ్లెక్సీ షాపులకు ఊపిరాడదు. అలాంటి చోట డిజైనర్ల చేతికి తరచూ వచ్చే పని ఒకటుంది. పొద్దుపొడుపు వేళ పండిన వరిచేను, గట్టు మీద రెండు తాటిచెట్లు, పైన విశాలమైన నారింజ రంగు ఆకాశం ఉన్న ఫోటో అనుకుందాం. డబ్బు కట్టి కొన్నదే. ఆకాశం మీద మాత్రం పెద్ద తెల్లని ఇంగ్లిష్ అక్షరాల్లో ‘హ్యాపీ పొంగల్’ అని ఉంటుంది, వాటికి నల్లని నీడ కూడా. బేరానికి వచ్చినాయనకు అదే బొమ్మ మీద తెలుగులో సంక్రాంతి శుభాకాంక్షలు కావాలి. ఉన్నదల్లా ఒక్క జేపెగ్ ఫైలు. అందులో రాత వేరే లేయర్‌గా ఉండదు, ఫోటోలో కలిసిపోయి ఉంటుంది.

చెయ్యి పెట్టేముందు ఆ రాత ఎవరిదో, ఎందుకుందో చూసుకోవాలి. శుభాకాంక్షల రాత అలంకారం. డబ్బు కట్టనివారికి చూపించే నమూనా ఫోటో మీద అడ్డంగా ఉండే ఏజెన్సీ పేరు అలంకారం కాదు, అది హక్కుదారు గుర్తు. అలాంటి హక్కుల సమాచారాన్ని తెలిసి, అధికారం లేకుండా తీసేయడం మన కాపీరైట్ చట్టంలో నేరం. 2012 సవరణతో వచ్చిన 65బి సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడొచ్చు. ఉచితంగా దొరికే క్రియేటివ్ కామన్స్ ఫోటోల్లోనూ లైసెన్స్ పేరు చివర ‘ఎన్‌డి’ అని ఉంటే మార్చిన బొమ్మను నలుగురికీ పంచకూడదు. మన వరిచేను ఫోటో కొన్నది, లైసెన్స్ మార్పులకు ఒప్పుకుంటుంది కనుక ముందుకు వెళ్దాం.

అయినా చెరపడం రెండో మార్గమే. రాత లేని అసలు ఫోటో అదే ఫోటోగ్రాఫర్ పేజీలో విడిగా ఉండే అవకాశం ఎక్కువ. బొమ్మతో వెతికే సర్చ్‌లో ఈ ఫోటోనే వేస్తే ఒక్కోసారి నిమిషంలో దొరుకుతుంది. దొరికితే అంతకన్నా మంచి మరమ్మతు లేదు. అక్షరాల వెనక ఉన్నది నిజంగా కనిపించేది అందులోనే.

దొరకలేదనుకుందాం. ఇప్పుడు చూడాల్సింది ఆ అక్షరాలు పూర్తిగా కప్పేశాయా, వెనకున్నది కొంచెం కనిపిస్తోందా అని. సగం పారదర్శకంగా ఉన్న తెలుపైతే లెక్కతోనే వెనక్కి రాబట్టొచ్చు. ఒక చుక్క విలువ ఇప్పుడు 180 అనుకోండి. తెలుపు విలువ 255, అది సగం పాళ్లలో కలిసింది. 255లో సగం 127.5. దాన్ని 180లోంచి తీసేస్తే 52.5 మిగులుతుంది. అది అసలు రంగులో సగం కనుక అసలు విలువ 105. తెలుపు పాలు పెరిగే కొద్దీ ఈ లెక్క బలహీనపడుతుంది. పదింట తొమ్మిది పాళ్లు తెలుపైతే మిగిలిన ఒక్క పాలును పదింతలు చేయాలి, దాంతోపాటు ఫోటోలోని చిన్నచిన్న తప్పులూ పదింతలవుతాయి. మన ఫోటోలోలాగా నిండు తెలుపైతే కింద ఏమీ మిగల్లేదు. అక్కడ మనం వేసేది ఫోటో కాదు, చుట్టుపక్కల చూసి ఊహించి వేసే రంగు.

ఊహకు ముందు ఎంపిక సరిగ్గా ఉండాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. అక్షరాన్ని దాని అంచుకు సరిగ్గా ఎంచుకుని నింపితే, నింపిన చోట చుట్టూ అదే అక్షరం ఆకారంలో మసక గీత మిగులుతుంది. నల్లని నీడ కొస ఒక కారణం, జేపెగ్ మరో కారణం. ఆ పద్ధతి బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. పదునైన తెల్లని అంచు పడిన గడి అంతటా సన్నని అలలు పుడతాయి. అందుకే ఎంపికను ఎనిమిది, పది చుక్కలు బయటికి పెంచాలి. ఫోటోషాప్‌లో `Select > Modify > Expand`, గింప్‌లో `Select > Grow` ఆ పనికే ఉన్నాయి. నీడ పడిన వైపు ఇంకొంచెం ఎక్కువ తీసుకోవాలి.

ఇలా ఖాళీ అయిన చోటును కంప్యూటర్‌తో నింపించడానికి పేరుపొందిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 2000లో సిగ్‌గ్రాఫ్ సదస్సుకు వచ్చింది. బెర్టల్మియో, సపీరో, కాసెయెస్, బయెస్టెర్ రాసిన ఆ పత్రంలో న్యూ ఆర్లీన్స్ వీధిలో గుర్రబ్బండి ఫోటో ఉంది. దాని మీదంతా పరుచుకున్న రాతను తీసేసి చూపించారు. ఖాళీ అంచు దాకా వచ్చి ఆగిన గీతల్ని అదే దిశలో లోపలికి పొడిగించడం వాళ్ల పద్ధతి. సన్నని అక్షరాలకు బాగా పనిచేస్తుంది, లావు అక్షరాల దగ్గర మసకబారుతుంది. 2009లో వచ్చిన ప్యాచ్‌మ్యాచ్ పోలికున్న ముక్కల్ని అదే ఫోటోలో చాలా వేగంగా వెతికే దారి చూపింది. మరుసటి ఏడాది ఫోటోషాప్ సీఎస్5లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ ఆ దారిలోనిదే. మన ఫోటోలో అది ఒక్కోసారి ఆకాశం మధ్యలో తాటిమట్టను మొలిపించేది కూడా ఇందువల్లే. దానికి తాటిచెట్టు తెలియదు, పోలిక ఒక్కటే తెలుసు. ముక్కలు ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పే వీలున్న వెర్షన్‌లో చెట్ల భాగాన్ని తప్పించి ఆకాశాన్ని మాత్రమే చూపిస్తే ఆ బెడద తగ్గుతుంది.

‘హ్యాపీ’ పూర్తిగా ఆకాశంలోనే ఉంది కనుక ఈ పద్ధతితోనే పోతుంది. కష్టం ‘పొంగల్’ దగ్గర. అందులో ఎన్ అక్షరం ఒక తాటిబోదెను అడ్డంగా కోసింది, చివరి ఎల్ రెండో చెట్టు మట్టల మీద పడింది. బోదెకు ముందు కొత్త లేయర్ తీసుకుని, క్లోన్ స్టాంప్‌తో కింద కనిపిస్తున్న బోదె అంచు మీద ఆల్ట్ నొక్కి గుర్తుపెట్టి, అదే అంచు వెంట పైకి గీయాలి. రెండు అంచులూ కలిశాకే మధ్యలో నింపాలి. ఇక్కడ హీలింగ్ బ్రష్ వాడాలనిపిస్తుంది, వాడకూడదు. అది చుట్టూ ఉన్న రంగును కలుపుకుంటుంది కనుక నల్లని బోదె పక్కన ఆకాశంలోకి మసి పాకుతుంది. దాని చోటు చదునైన ఆకాశంలో అతుకులు కలిపే దగ్గర. మట్టల సంగతి వేరు. ఏ ఆకు ఎటు వంగిందో ఎవరికీ తెలియదు. మొదటి చెట్టు మట్టల్లోంచి ఒక గుత్తి తెచ్చి, తిప్పి, కొంచెం చిన్నది చేసి అతికిస్తే చాలు. అలంకారపు బొమ్మకు ఈ కల్పన ఫర్వాలేదు. రాత మనిషి ముఖం మీదో, దుకాణం బోర్డు మీదో, వార్తా ఫోటో మీదో పడి ఉంటే నేనైతే ఆ ఫోటో వదిలేయమనే చెబుతాను. అక్కడ ఊహించి గీసింది అబద్ధమవుతుంది.

నింపిన ఆకాశం మరీ నునుపుగా కనిపిస్తే ఫోటోలోని సహజమైన గరుకు అక్కడ లేదని అర్థం. ఆ చోట కొద్దిగా నాయిస్ కలపాలి. తర్వాత పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి కాంట్రాస్ట్ బాగా పెంచి చూస్తే మామూలు కంటికి అందని అతుకులు, మిగిలిన నీడ, రెండుసార్లు పడిన ఒకే మబ్బుతునక బయటపడతాయి. బొమ్మను కుడిఎడమలు తిప్పి చూసినా కొత్త కన్నుతో చూసినట్టుంటుంది. సరిచూసుకున్నాక ఆ కర్వ్స్ లేయర్ తీసేయాలి.

నిజానికి వీటిలో సగం పని తప్పించుకోవచ్చు. తెలుగు అక్షరాలు కూడా దాదాపు అదే ఆకాశంలోకి వస్తాయి. అందుకని ముందుగా వాటిని వాటి చోట పెట్టి చూసుకుని, పాత రాతలో ఇంకా బయటికి కనిపించే భాగాల మీదే శ్రద్ధ పెట్టాలి. ‘సంక్రాంతి’లోని క్రావడి ఎన్ అక్షరం కోసిన బోదె మీదికే వచ్చేలా సర్దగలిగితే ఆ మరమ్మతు అంత పట్టి చూడక్కర్లేదు. పని అయ్యాక తెలుగు రాత ఒక లేయర్‌గా, మరమ్మతు ఒక లేయర్‌గా, అసలు ఫోటో అడుగున చెక్కుచెదరకుండా పీఎస్‌డీగా దాచి, ప్రింటుకు మాత్రం దాని కాపీని పంపాలి. లైసెన్స్ ఒప్పుకుంటే ఉగాదికి అదే చేను కావాలని ఎవరైనా వచ్చినప్పుడు మార్చాల్సింది పై లేయర్ ఒక్కటే.