బెంగళూరు వెళ్లే చీరకు బిల్లు

ఏడాది అమ్మకాలు పరిమితి దాటేదాకా జీఎస్టీతో పనిలేదని ఇంటి నుంచి చీరలు అమ్మే చాలామంది ధీమాగా ఉంటారు. సొంత రాష్ట్రంలో అమ్మేంతవరకు అది నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. కానీ పన్ను పడే సరుకు పొరుగు రాష్ట్రానికి ఒక్క పార్సిల్ పంపినా, ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. నోటిఫై చేసిన హస్తకళా వస్తువులకు మాత్రం షరతులతో మినహాయింపు ఉంది. తక్కువ పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు బయటి రాష్ట్రాలకు అమ్మకూడదు.

గుంటూరు నుంచి బెంగళూరుకు ఒక కాటన్ చీర పంపుతున్నారనుకుందాం. చీర 1,500 రూపాయలు, కొరియర్ ఖర్చు 100. పన్ను చీర మీదే అనుకోవడం పొరపాటు. కొరియర్ ఖర్చు మీరే వసూలు చేస్తే దానికీ చీర రేటే, అంటే 5 శాతం. 1,600 మీద ఐజీఎస్టీ 80 రూపాయలు, బిల్లు 1,680. అదే చీర విజయవాడకు వెళ్తే, ఆ 80 సీజీఎస్టీ 40, ఎస్‌జీఎస్టీ 40గా విడిపోతుంది.

చిక్కంతా ఇక్కడే. హైదరాబాద్‌లోని అక్క డబ్బు కట్టి, విజయవాడలోని చెల్లికి చీర పంపమంటే? కొన్నది వ్యాపారులు కాదు కాబట్టి చీర చేరే చిరునామానే లెక్క. బిల్లులో ఆ చిరునామా, రాష్ట్రం పేరు రాయాలి. పొరపాటున ఐజీఎస్టీ వేస్తే, సరైన పన్ను మళ్లీ కట్టి, మొదట కట్టినదాన్ని రీఫండ్ అడగాలి. దానికి వడ్డీ మాత్రం ఉండదు.