ఒకే సమయం ఇద్దరికి ఇచ్చినప్పుడు

శనివారం నాలుగింటికి ఇద్దరికి అపాయింట్‌మెంట్ ఇచ్చిన బ్యూటీపార్లర్, ఏళ్లుగా వస్తున్న కస్టమర్‌ను వెనక్కి పంపాల్సి వచ్చిందనుకోండి. ఆ రాత్రిలోపే యజమానురాలు స్వయంగా ఇలా మెసేజ్ పెట్టాలి:

“నమస్తే మేడమ్. మీకిచ్చిన సమయాన్నే పొరపాటున మరొకరికీ ఇచ్చాం. తప్పు పూర్తిగా మాదే. అంత దూరం వచ్చి తిరిగి వెళ్లాల్సి వచ్చినందుకు క్షమించండి. రేపు పదకొండింటికి, మంగళవారం ఐదింటికి మీకోసం ఖాళీ ఉంచాం. ఏది వీలో చెప్పండి. ఈసారి హెయిర్ కలర్‌కు డబ్బు తీసుకోం.”

ఇందులో రద్దీ అన్న సాకు లేదు. ‘ఇబ్బంది కలిగి ఉంటే’ అన్న అనుమానం లేదు. ఆమె పడ్డ ఇబ్బందినే నేరుగా చెప్పారు. రెండు సమయాలు ఇవ్వడంతో ఎంపిక ఆమెదైంది. డిస్కౌంట్ కూపన్ ఇస్తే మళ్లీ ఖర్చుపెట్టమని అడిగినట్టే. జవాబు రాకపోతే మర్నాడు ఒక్కసారే ఫోన్ చేయండి.