ముప్ఫై ఏడు సెకన్లకోసారి సగం

బల్ల మీద నాలుగే వస్తువులు: 9 వోల్టుల బ్యాటరీ, లక్ష ఓముల రెసిస్టర్, 470 మైక్రోఫారడ్లని రాసి ఉన్న కెపాసిటర్, మల్టీమీటర్. చేతిలో స్టాప్‌వాచ్. కెపాసిటర్ ఒంటి మీద మైనస్ గీత ఉన్న కాలును బ్యాటరీ మైనస్ వైపే కలపాలి. తిరగేస్తే అది వేడెక్కి పగిలిపోవచ్చు.

నిండిన కెపాసిటర్‌ను బ్యాటరీ నుంచి విడదీసి, రెసిస్టర్ గుండా ఖాళీ చేస్తూ 20 సెకన్లకోసారి రీడింగ్ రాస్తే ఇలా వచ్చిందనుకుందాం: 9.0, 6.2, 4.3, 3.0, 2.05 వోల్టులు. మొదటి 20 సెకన్లలో 2.8 వోల్టులు పడిపోయింది, చివరి 20 సెకన్లలో ఒక్క వోల్టు కూడా పడలేదు. తగ్గుదల మారుతోంది కానీ నిష్పత్తి మారలేదు. ప్రతి రీడింగూ దాని ముందుదానిలో దాదాపు 69 శాతమే. ఎక్స్‌పొనెన్షియల్ గ్రాఫును గుర్తుపట్టేది దీనితోనే. 6 నుంచి 3 వోల్టులకు రావడానికి 37 సెకన్లు పడితే, 4 నుంచి 2కు రావడానికీ అంతే పడుతుంది.

కారణం సులువే. రెసిస్టర్‌లో కరెంటు, దాని మీదున్న వోల్టేజీని బట్టి పారుతుంది. కెపాసిటర్ ఖాళీ అయ్యేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది, దాంతో ఖాళీ అయ్యే వేగమూ మందగిస్తుంది. దీనికి చాలామంది నీళ్ల ట్యాంకు పోలిక చెబుతారు. అది సగమే నిజం: కుళాయి వేగం నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కనుక, ట్యాంకుకు ఇలాంటి స్థిరమైన ‘సగం కాలం’ ఉండదు.

మొదట్లో ఉన్న వేగమే చివరిదాకా కొనసాగితే కెపాసిటర్ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది? ఆ సమయమే టైమ్ కాన్‌స్టంట్. గ్రాఫు మొదలయ్యే చోట వంపును తాకుతూ స్కేలుతో గీత గీస్తే, అది కింది అక్షాన్ని తాకేది అక్కడే. నిజంగా అయితే అప్పటికి ఇంకా 36.8 శాతం, అంటే 3.3 వోల్టులు, మిగిలే ఉంటాయి. ఛార్జింగ్‌లో ఇదే వంపు తలకిందులవుతుంది. అంతే సమయంలో 63.2 శాతం, అంటే 5.7 వోల్టులు నిండుతాయి.

లెక్క ప్రకారం టైమ్ కాన్‌స్టంట్ రెసిస్టెన్సును కెపాసిటెన్సుతో గుణిస్తే వచ్చేది: 47 సెకన్లు. పై రీడింగులు మాత్రం 54 చెబుతున్నాయి. ప్రయోగం తప్పలేదు. ఈ రకం కెపాసిటర్లలో రాసిన విలువకు 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. ఇక్కడున్నది దాదాపు 540 మైక్రోఫారడ్లు.

అసలు మోసం మీటర్‌తో వస్తుంది. 10 లక్షల ఓముల రెసిస్టర్, 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టినా కాగితం మీద 47 సెకన్లే. అయితే మల్టీమీటర్‌కూ సాధారణంగా కోటి ఓముల సొంత రెసిస్టెన్స్ ఉంటుంది. దాన్ని కెపాసిటర్‌కు తగిలించే ఉంచితే కొంత కరెంటు అటు కారిపోతుంది. అప్పుడు ఛార్జింగ్ గ్రాఫు 9 దగ్గర కాక 8.2 వోల్టుల దగ్గరే చదునవుతుంది, టైమ్ కాన్‌స్టంట్ 43 సెకన్లకు దిగుతుంది.