మూడో సీసా కొనే ముందు

సీసా 150 మిల్లీలీటర్లు. పూటకు 10 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండు పూటలు పుక్కిలిస్తే ఏడున్నర రోజుల్లో అయిపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను పళ్ల డాక్టర్లు చాలామందికి రాసేది ఒకటి రెండు వారాలకే. అంటే ఒక సీసా, మహా అయితే రెండు. డాక్టరు చెప్పకుండానే మూడో సీసా కొంటున్నారంటే గడువు దాటిపోయినట్టే లెక్క. మన ఇళ్లలో జరుగుతున్నది మాత్రం వేరు. పన్ను పీకించుకున్నప్పుడు తెచ్చిన సీసా వాష్‌బేసిన్ పక్కనే ఉండిపోతుంది. అయిపోగానే ఇంకొకటి వస్తుంది, నోరు తాజాగా ఉంటుందని ఇంటిల్లిపాదీ అలవాటు పడతారు.

ఇది దుకాణంలో దొరికే మామూలు పుదీనా మౌత్‌వాష్ లాంటిది కాదు. 1950ల్లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ పరిశోధకులు దీన్ని తయారుచేశారు. మొదట్లో చర్మాన్ని, గాయాలను శుభ్రం చేయడానికి వాడేవారు. నోటి విషయంలో దీని సత్తా ఏమిటో 1970లో తెలిసింది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో, ఆయన సహచరుడు షియోట్ కలిసి కొందరు డెంటల్ విద్యార్థుల చేత బ్రష్ చేయడం మాన్పించారు. రోజుకు రెండుసార్లు 0.2 శాతం ద్రావణంతో పుక్కిలింపజేశారు. బ్రష్ ముట్టకపోయినా వాళ్ల పళ్లపై పాచి పేరుకోలేదు, చిగుళ్లు వాయలేదు. ఇప్పటికీ మన షాపుల్లో ఎక్కువగా దొరికేది ఆ 0.2 శాతం ద్రావణమే. అమెరికాలో 0.12 శాతం వాడతారు కానీ పూటకు 15 మిల్లీలీటర్లు తీసుకుంటారు కాబట్టి నోట్లోకి వెళ్లే మందు దాదాపు అంతే.

దీని బలమంతా అంటుకునే గుణంలో ఉంది. ఉమ్మేసిన తర్వాత కూడా కొంత మందు పళ్లకు, చిగుళ్లకు, నాలుకకు పట్టుకుని ఉంటుంది. గంటల తరబడి మెల్లగా విడుదలవుతూ సూక్ష్మజీవులను అణచి ఉంచుతుంది. రోజుకు రెండుసార్లు చాలనడం అందుకే. మరకలు పడటానికీ మూలం ఆ గుణమే. పళ్లకు పట్టుకున్న మందు టీ, కాఫీల్లోని రంగు పదార్థాలను కూడా తనతో కలిపి పంటికి అతికిస్తుంది. నాలుగు వారాలు, అంతకన్నా ఎక్కువ వాడినవారిలో మరకలు బాగా పెరుగుతాయని 2017లో వచ్చిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. పాచి తగ్గుతుందని గట్టిగా చెప్పిందీ ఆ సమీక్షే.

ఒక మనిషిని ఊహించుకుందాం. యాభై ఏళ్ల టీచరమ్మ, బీపీకి మాత్రలు వాడుతున్నారు, రోజుకు నాలుగు టీలు తాగుతారు. జ్ఞానదంతం తీయించుకున్నారు. మొదటి రోజు ఏమీ పుక్కిలించవద్దన్నారు డాక్టరు, గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోకూడదని. మర్నాటి నుంచి వారం పాటు ఈ మందు. బ్రష్ పెట్టలేని చోట పాచి చేరకుండా కాపాడింది, గాయం మానింది. ఆవిడ మాత్రం ఆపలేదు. పదిరోజులు గడిచేసరికి పప్పులో ఉప్పు చాలలేదనిపించడం మొదలైంది. ఈ మందు ముఖ్యంగా ఉప్పు రుచిని మందగింపజేస్తుంది. ఇంట్లో మిగతావాళ్లు సరిపోయిందంటున్నా ఆవిడ పైన ఇంకాస్త చల్లుకునేవారు. బీపీ ఉన్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

రెండో నెలలో అద్దంలో చూసుకుంటే కింది ముందు పళ్ల వెనకాల, పళ్ల సందుల్లో, చిగురు అంచు వెంట గోధుమరంగు గీత కనిపించింది. నాలుక మీద కూడా అదే రంగు. ఎంత రుద్దినా పోలేదు. ముందు పన్నుకు ఎప్పుడో పెట్టించుకున్న తెల్ల సిమెంటు అంచులో మరక మరింత ముదిరింది. డాక్టరు క్లీనింగ్ చేసి పాలిష్ పెడితే పంటి మీది మరక పోయింది. సిమెంటు అంచులోకి దిగిన రంగు మాత్రం పూర్తిగా వదల్లేదు, దాన్ని మార్చాల్సి వచ్చింది. మందు ఆపిన కొద్దిరోజులకు రుచి మామూలైంది.

ఈ మరకలు పంటి పైపైనే ఉంటాయి. నల్గొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే మరకలు అలా కాదు. పన్ను తయారయ్యే వయసులోనే లోపల పడతాయి కనుక క్లీనింగ్‌తో పోవు. ఇటీవలి నెలల్లోనే రంగు మారి, మౌత్‌వాష్ వాడకం కూడా అప్పుడే మొదలై ఉంటే అనుమానించాల్సింది సీసానే. వాడుతున్న రోజుల్లో టీ, కాఫీలు తగ్గించి, పుక్కిలించిన వెంటనే తాగకుండా ఉంటే మరకలు కొంత తగ్గుతాయి.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. పేస్టుతో బ్రష్ చేసి, ఆ నురగ పూర్తిగా పోకముందే దీన్ని నోట్లో పోసుకుంటారు. పేస్టుకు నురగనిచ్చే పదార్థం ఈ మందును కట్టిపడేసి పనిచేయనివ్వదు. బ్రష్ చేశాక నోరు బాగా కడుక్కుని కనీసం అరగంట ఆగాలి. తర్వాత 10 మిల్లీలీటర్లు పోసుకుని అరనిమిషం నుంచి నిమిషం వరకు పుక్కిలించి ఉమ్మేయాలి. మింగకూడదు, వెంటనే నీళ్లతో కడగకూడదు.

రోజూ వాడకూడనివారిలో మొదట చెప్పాల్సింది ఈ మందు పడనివారి గురించి. అరుదే అయినా అలర్జీ ప్రాణం మీదికి రావచ్చు. 2012లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. ఆపరేషన్‌కు ముందు చర్మానికి పూసే మందుల్లో, కొన్ని క్రీముల్లో కూడా ఇదే ఉంటుంది. అలాంటివి తగిలినప్పుడు దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చి ఉంటే ఒక్కసారి కూడా పుక్కిలించకూడదు. పూర్తిగా ఉమ్మేయడం తెలియని చిన్నపిల్లలకు ఇవ్వకూడదు. ముందు పళ్లకు సిమెంటు, తొడుగులు ఉన్నవారు డాక్టరు చెప్పిన రోజులు దాటకూడదు. లోపలి చర్మం పొరలుగా ఊడుతున్నా, మంట పుడుతున్నా ఆపేయాలి.

బీపీ ఉన్నవారికి ఉప్పుతో పాటు మరో చిక్కు ఉంది. నాలుక వెనక భాగంలో ఉండే కొన్ని మంచి బ్యాక్టీరియా ఆకుకూరల్లోని నైట్రేట్‌ను మార్చి, రక్తనాళాలు సడలడానికి తోడ్పడతాయి. క్లోర్‌హెక్సిడిన్ వాటినీ చంపేస్తుంది. 2013లో లండన్‌లో 19 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన అధ్యయనంలో వారం వాడకానికే బీపీ రెండు నుంచి మూడున్నర పాయింట్లు పెరిగింది. చిన్న అధ్యయనమే, వారం కోర్సుకు భయపడనక్కర్లేదు. ఏడాది పొడవునా వాడకపోవడానికి మాత్రం అది చాలిన కారణమే.

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని, నోరు వాసన వస్తోందని దీన్ని నెలల తరబడి వాడేవారికి ఇంకో నష్టం ఉంది. ఈ మందు చిగురు లోతుల్లోకి దిగదు, అప్పటికే గట్టిపడిన గారను కరిగించదు. పైగా ఎక్కువకాలం వాడితే పళ్లపై గార పెరుగుతుంది కూడా. వాసన తగ్గి, జబ్బు లోపల ముదురుతూ ఉంటుంది. అలాంటివారికి కావాల్సింది క్లీనింగ్. దవడ విరిగి తీగలతో కట్టినవారు, చేతులు ఆడక బ్రష్ పట్టలేనివారు కొందరికి డాక్టరే ఎక్కువ రోజులు రాస్తారు, మధ్యమధ్య పళ్లు చూసి శుభ్రం చేస్తారు.

ఇప్పుడు మీ ఇంట్లో ఆ సీసా ఉంటే, మొదలుపెట్టిన తేదీ, ఆపాల్సిన తేదీ రెండూ పెన్నుతో రాసి దానికి అంటించండి. ఆపాల్సిన రోజు డాక్టరు చెప్పకపోతే ఫోన్ చేసి అడగండి.