ఆపండి, లెక్క వేయండి: వీడియో పాఠానికి స్క్రిప్టు రాసే తీరు

బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా తరగతి గదిలో చెప్పడం తేలిక. బోర్డు మీద లెక్క వేస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో ముఖాల్లోనే తెలిసిపోతుంది. అదే పాఠాన్ని ఆన్‌లైన్ కోర్సు కోసం రికార్డు చేసేటప్పుడు మాస్టారి ఎదుట మైకు తప్ప ఎవరూ ఉండరు. ఎక్కడ ఆగాలో, ఏది మళ్లీ చెప్పాలో, ఎక్కడ విద్యార్థి చేత పని చేయించాలో ముందే ఆలోచించి రాసిపెట్టుకోవాలి. అందుకే స్క్రిప్టు.

మొదట నిడివి సంగతి. ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఫిలిప్ గువో బృందం 2014లో ఒక విషయం గమనించింది. వీడియో ఎంత పొడవున్నా, జనం చూసే సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటడం లేదు. అది ఎంతసేపు చూశారన్న లెక్కే తప్ప ఎంత నేర్చుకున్నారన్నది కాదు. అయినా ఒక వీడియోకి ఒకే విషయం చాలన్న నియమానికి అది మంచి ఆధారం.

స్క్రిప్టు పేజీని నిలువుగా రెండుగా విడదీస్తారు. ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు నోటితో చెప్పేది. స్లైడు మారాల్సిన చోట, సరిగ్గా ఆ మాటకు ముందు, ‘క్లిక్’ అని గుర్తు పెడతారు. మన పాఠంలో ఒక భాగం ఇలా ఉంటుంది:

“పదివేల రూపాయలు అప్పు తెచ్చారు. (క్లిక్) వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అంటే నెలకు రెండు వందలు. (క్లిక్) ఏడాదికి రెండు వేల నాలుగు వందలు. అంటే ఇరవై నాలుగు శాతం.”

ఒక్కో క్లిక్‌కి ఒక్కో వరుసే తెర మీదికి వస్తుంది. మూడూ ఒకేసారి కనిపిస్తే విద్యార్థి చివరి అంకె దాకా చదివేసుకుంటాడు, మాస్టారి మాట వెనకబడుతుంది. మాట, బొమ్మ ఒకే సమయంలో అందితేనే నేర్చుకోవడం సులువని రిచర్డ్ మేయర్ చెప్పిన సూత్రం ఇక్కడే పనికొస్తుంది. అంకెలను కుడివైపు అక్షరాల్లో రాసుకోవడం కూడా ఇందుకే: చదివేటప్పుడు నాలుక తడబడితే క్లిక్ తప్పుతుంది. పొరపాటు జరిగితే ఆ స్లైడు మొదటి మాట నుంచే మళ్లీ చెప్పాలి, అప్పుడు కోత ఎక్కడ పడిందో వినేవారికి తెలియదు.

తర్వాత పునశ్చరణ. ఇది పాఠం చివర మాత్రమే పెట్టే సారాంశం కాదు. తర్వాతి మెట్టుకు కావలసిన ఒక్క విషయాన్ని ఆ మెట్టుకు ముందే గుర్తుచేసే వాక్యం: “ఏడాది వడ్డీ రెండు వేల నాలుగు వందలు. అది కట్టలేదనుకుందాం, అసలులో కలిసిపోయింది.” ఇందులో కొత్త అంకె ఏదీ రాకూడదు. వస్తే అది పునశ్చరణ కాదు, కొత్త పాఠమే.

ఇప్పుడు విద్యార్థి వంతు. “ఒకసారి ఆలోచించండి” అంటే ఎవరూ ఆలోచించరు. ఏం చేయాలో, ఎక్కడ రాయాలో, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పాలి: “వీడియో ఆపండి. రెండో ఏడాది వడ్డీ ఎంతో కాగితం మీద వేయండి. జవాబు వచ్చాక మళ్లీ మొదలుపెట్టండి.” ఆ తర్వాత తెర మీద ప్రశ్న ఒక్కటే ఉంచి అయిదు సెకన్లు మౌనంగా ఉండాలి. ఆపు బొత్తాం మీదికి వేలు వెళ్లేందుకు ఆ వ్యవధి కావాలి. వెంటనే జవాబు చెప్పేస్తే అడిగినట్టే కాదు.

తిరిగి వచ్చాక జవాబు చెప్పి ఊరుకోకూడదు, తప్పు ఎక్కడ పడుతుందో కూడా చూపాలి. “మీకు రెండు వేల నాలుగు వందలే వచ్చిందా? మొదటి అసలు మీదే వడ్డీ కట్టారన్నమాట. ఇప్పుడు అసలు పన్నెండు వేల నాలుగు వందలు. వడ్డీ రెండు వేల తొమ్మిది వందల డెబ్బై ఆరు.” బారువడ్డీ అయితే రెండేళ్లకు బాకీ రూ.14,800, చక్రవడ్డీ అయితే రూ.15,376. ఆ రూ.576 తేడా ఎందుకొచ్చిందో, చేత్తో లెక్క వేసినవారికి వేరే వివరించనక్కర్లేదు.

రికార్డు చేశాక రెండు పరీక్షలు చేయాలి. మొదట శబ్దం తీసేసి చూడండి. జవాబు ప్రశ్న స్లైడు మీదే కనిపిస్తే క్లిక్ ముందే పడిందన్నమాట. తర్వాత కళ్లు మూసుకుని వినండి. “ఇక్కడ చూడండి, ఇది ఇందులో కలుస్తుంది” వంటి మాట వినిపిస్తే ‘ఇది’ స్థానంలో ‘వడ్డీ’ అని, ‘ఇందులో’ స్థానంలో ‘అసలులో’ అని మార్చండి.

ఎంత జాగ్రత్తగా రాసినా ఆపమన్నచోట ఆపనివారు ఉంటారు. కొన్ని వేదికల్లో వీడియో మధ్యలో ప్రశ్న పెట్టి, జవాబిచ్చే దాకా ముందుకు కదలకుండా చేయవచ్చు. ఆ సౌకర్యం ఉంటే ప్రతి ప్రశ్నకూ వాడకండి, రెండో ఏడాది వడ్డీ లాంటి కీలకమైన మెట్టు దగ్గర ఒక్కసారి వాడండి. అక్కడ తప్పిపోయినవారికి మూడో ఏడాది లెక్క అందదు.