పూతరేకుల వ్యాపారికి మెయిల్ రాసే ముందు

విజయవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఆత్రేయపురం పూతరేకులను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారి దగ్గర ఆర్డరు సంపాదించాలని యూనిట్ యజమాని కోరిక. ఇద్దరికీ ముఖపరిచయం లేదు, మధ్యలో చెప్పేవాళ్లూ లేరు. వెబ్‌సైట్ అడుగున ఉన్న మెయిల్ ఐడీ ఒక్కటే దారి. మొదటి వాక్యం ఏం రాయాలి?

చాలామంది తమ గురించే మొదలుపెడతారు. ఫలానా ఏడాది నుంచి ఈ రంగంలో ఉన్నామని, నాణ్యతలో రాజీ పడమని రాస్తారు. ఫోన్‌లో మెయిళ్ల వరుస చూస్తే విషయం పక్కనో కిందనో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. ఆ కాస్త చోటూ సొంత పరిచయానికి పోతే, వ్యాపారికి అది రోజూ వచ్చే ప్రకటనల్లో ఇంకొకటి. కొంత తెలిసినవాళ్లు పొగడ్తతో మొదలుపెడతారు: ‘ఆత్రేయపురం పూతరేకులకు జీఐ గుర్తింపు వచ్చినందుకు అభినందనలు.’ ఆ గుర్తింపు వచ్చింది 2023లో, వచ్చింది ఊరి మిఠాయి మొత్తానికి. ఆ ఊళ్లో ఏ దుకాణానికైనా ఇదే వాక్యం పంపవచ్చు. పైగా అభినందన తర్వాత అట్టపెట్టెల ప్రస్తావన ఎలా తెస్తారు? అక్కడ రెండు వాక్యాలకూ మధ్య గోతి పడుతుంది. చదివేవాడు ఆ గోతి దగ్గరే ఆగిపోతాడు.

అందుకని వెతకాల్సింది మెచ్చుకోవడానికి పనికొచ్చే విషయం కాదు. మనం అమ్మే వస్తువు ఈ వ్యాపారికి ఇప్పుడు ఎందుకు అవసరం కావచ్చో చెప్పే ఆధారం కావాలి.

హోం పేజీలో అది అరుదుగా దొరుకుతుంది. అక్కడ ఉండేవి ఫొటోలూ నినాదాలూ. డెలివరీ, రిటర్నుల పేజీలు తెరవండి. వాటిని వ్యాపారి అలంకారం కోసం రాసుకోడు, తనకు ఎదురైన ఇబ్బందులను బట్టి రాసుకుంటాడు. మన వ్యాపారి రిటర్నుల పేజీలో ఇలా ఉందనుకోండి: ‘రేకులు విరిగి వస్తే, పార్సిల్ విప్పుతున్న వీడియో పంపినవారికే డబ్బు వాపసు.’ విరిగాయన్న ఫిర్యాదులు పదేపదే వస్తే తప్ప ఎవరూ ఇలాంటి నియమం పెట్టరు. ఇక డెలివరీ పేజీలో హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలతో పాటు అమెరికా కూడా ఉంది.

తర్వాత గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు కొట్టి, సమీక్షలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చుకోవాలి. మామూలు వరుసలో ఏళ్ల నాటి మాటలు పైకి వచ్చే వీలుంది. కొత్తవాటిలో ముగ్గురు, పెట్టె నలిగి వచ్చిందని రాశారు. ముగ్గురూ దూరపు నగరాలవాళ్లే. ఇన్‌స్టాగ్రామ్‌లో, విదేశానికి వెళ్లే పార్సిల్‌ను టేపు వేసి మూస్తున్న రీల్ ఒకటి ఉంది. ఇంతకీ పట్టేది పదిహేను నిమిషాలు.

ఇక్కడ తేదీల దగ్గర జాగ్రత్త కావాలి. ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పైన పిన్ చేసి పెట్టిన పోస్టులు ఎంత పాతవైనా మొదటి వరుసలోనే ఉంటాయి. వాటిని తాజా వార్తలనుకుని రాస్తే అసలు చదవలేదన్న సంగతి బయటపడుతుంది. వెబ్‌సైట్ అడుగున కాపీరైట్ పక్కన ఈ ఏడాది అంకె ఉన్నంత మాత్రాన సైటును ఎవరో చూసుకుంటున్నారని కాదు, చాలా సైట్లలో అది దానంతటదే మారుతుంది. డెలివరీ పేజీలోకి అమెరికా ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవాలంటే పాత పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా ఇచ్చి చూడవచ్చు. జనవరి నాటి ప్రతిలో అమెరికా లేదు, జూన్ ప్రతిలో ఉంది అనుకోండి. ఆ రెంటి మధ్యలో ఎప్పుడో చేరిందని మాత్రమే మనకు తెలిసింది. కాబట్టి ‘గత నెలలో మొదలుపెట్టారు’ అని రాయకూడదు, ‘ఇప్పుడు అమెరికాకూ పంపుతున్నారు’ అంటే చాలు.

పేర్ల గొడవ ఇంకొకటి. ఒకే ఊళ్లో దాదాపు ఒకే పేరుతో రెండు మూడు మిఠాయి దుకాణాలు ఉంటాయి. వెబ్‌సైట్ ఒకరిదీ, మీరు చదివిన సమీక్షలు ఇంకొకరివీ కావచ్చు. సైటులోని ఫోన్ నంబరు, మ్యాప్స్‌లోది, ఇన్‌స్టాగ్రామ్‌లోది పోల్చి చూడాలి. ఆహార వ్యాపారం కనుక ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటుంది. సైటులోని ఫొటోలో అది కనిపిస్తే, రీల్‌లో కనిపించే ప్యాకెట్ నంబరుతో సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు చేతిలో మూడు ఆధారాలున్నాయి: వీడియో నియమం, నలిగిన పెట్టెల ఫిర్యాదులు, అమెరికా డెలివరీ. అన్నిటికంటే బలమైనది ఫిర్యాదులే. అయినా మొదటి వాక్యంలో దాన్ని రాయవద్దని నేను గట్టిగా చెబుతాను. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి తన లోపాలు చదివి వినిపిస్తే ఏ వ్యాపారికీ నచ్చదు. ఆ మెయిల్ తెరిచేది ప్యాకింగ్ చూసుకునే మనిషే అయితే, దాన్ని యజమాని కంటపడనివ్వడు కూడా. ఫిర్యాదులు మనకు చెప్పింది, ఈయనకు రాయడం దండగ కాదని. ఆ పని అయిపోయింది. పైకి చెప్పాల్సింది, వ్యాపారి తానే సంతోషంగా ప్రకటించుకున్న విషయం.

అప్పుడు మెయిల్ ఇలా మొదలవుతుంది: ‘నమస్కారమండీ. మీ డెలివరీ పేజీలో ఇప్పుడు అమెరికా కూడా ఉంది. అంత దూరం వెళ్లే పూతరేకుల పెట్టెలో రేకు విరగకుండా లోపల ఏం వాడుతున్నారు? పెట్టె పెద్దది చేస్తే విరగడం తగ్గుతుంది కానీ కొరియర్ ఛార్జీ పెరుగుతుంది. ఎత్తు తగ్గించి, లోపల అట్ట అరలు పెట్టే పద్ధతి ఒకటి మా దగ్గర ఉంది.’

మూడో వాక్యంలో పెట్టెల మనిషి పనితనం కనిపిస్తుంది. విదేశాలకు పంపే ఎయిర్ కొరియర్లు మామూలుగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. అలా వచ్చిన కిలోలు, తూకంలో వచ్చిన బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టెకు లెక్క 1.8 కిలోలు. లోపల పూతరేకులు, ప్యాకింగ్ కలిపి కిలో ఉన్నా 1.8 కిలోలకే ఛార్జీ పడుతుంది. ఎత్తు 10కి తగ్గితే 1.2 కిలోలు. పూతరేకులు తేలిక, చోటు మాత్రం ఎక్కువ తీసుకుంటాయి, కనుక ఈ లెక్క వ్యాపారికి నేరుగా తగులుతుంది. డెలివరీ పేజీ చదివిన ఫలితం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది, ప్రశ్న నుంచి లెక్క దానంతటదే వచ్చింది. అతకడానికి మధ్యలో వేరే మాట అక్కర్లేదు.

వెతుకుతుంటే కనపడేవన్నీ వాడుకోదగ్గవి కావు. యజమాని ఫేస్‌బుక్ పేజీలో కూతురి పెళ్లి ఫొటోలో, ఇంట్లో ఎవరో పోయిన కబురో ఉండవచ్చు. అవి అందరికీ కనిపించేలా పెట్టినవే కావచ్చు, అయినా బంధువుల కోసం పెట్టినవి. అమ్మకం మాటకు వాటిని ముందు వాక్యం చేస్తే చదివే మనిషికి చూపు వెంటాడినట్టు అనిపిస్తుంది. వ్యాపారం పేరుతో పెట్టినదాని దగ్గరే ఆగాలి.

కొన్నిసార్లు ఏమీ దొరకదు. ఒకే పేజీ సైటు, ఏళ్లుగా కదలని ఇన్‌స్టాగ్రామ్, నాలుగు సమీక్షలు. అలాంటప్పుడు లేని ప్రత్యేకతను అల్లకుండా, ‘పూతరేకులు కొరియర్‌లో పంపేవారి కోసం అరల పెట్టెలు చేస్తున్నామండీ’ అని సూటిగా రాయడమే మేలు. అది ఆయన ఒక్కరి కోసం రాసిన వాక్యం కాదు గానీ అబద్ధం కూడా కాదు.

దొరికినప్పుడు మాత్రం ప్రతి ఆధారం పక్కన ఆ పేజీ చిరునామా, చూసిన తేదీ రాసి పెట్టుకోవాలి. జవాబు మెయిల్‌గా కాక ఫోన్‌గా వస్తే, ‘అమెరికా సంగతి మీకెలా తెలుసండీ?’ అన్న ప్రశ్నకు తడుముకోకుండా చెప్పగలగాలి. మెయిల్ పంపే రోజు ఉదయం ఆ పేజీని మరోసారి తెరిచి చూడాలి. ఈలోగా అమెరికా డెలివరీ ఆపేసి ఉంటే ఆ మొదటి వాక్యం ఇక పనికిరాదు, వేరేది రాసుకోవాల్సిందే.