రివెట్ పక్కన వెంట్రుక గీత

తెల్లవారుజామున అయిదు గంటలు. రాత్రంతా ఆరుబయట నిలిచిన ప్రయాణికుల విమానం ఆరున్నరకు తొలి ప్రయాణానికి బయల్దేరాలి. గ్రౌండ్ ఇంజినీర్ టార్చిలైటుతో ముక్కు దగ్గర మొదలుపెట్టి విమానం చుట్టూ నడిచాడు. చక్రాల టైర్లు, బ్రేకులు, నూనె కారిన జాడలు, ఇంజిన్ ఫ్యాను రెక్కలు, రెక్కల అంచులు, తోక అన్నీ వరసగా చూసుకుంటూ తిరిగి ముక్కు దగ్గరికి రావడమే ఈ తనిఖీ. దీన్ని వాక్‌అరౌండ్ అంటారు.

లోహపు రేకు మీదికి టార్చి వెలుగును ఎదురుగా కొడితే అది మెరిసిపోతుంది, సన్నని లోపం కనిపించదు. అందుకే ఇంజినీరు వెలుగును రేకుకు దాదాపు ఆనించి, ఏటవాలుగా పారించాడు. అలా చూస్తే గీత అంచున చిన్న నీడ పడుతుంది. ముందు తలుపు వెనుక, కిటికీలకు దిగువన, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి అతుక్కునే చోట ఒక రివెట్ నుంచి పక్క రివెట్ వైపు సాగిన గీత అతనికి కనిపించింది. పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు. మందం వెంట్రుకంత.

అది రంగు పగిలిన గీతా, లోహం చిట్లిన గీతా అన్నది మొదట తేల్చుకోవాలి. రంగు మీది పగులు సాధారణంగా వంకరటింకరగా పోతుంది, పొలుసులు లేస్తుంది. లోహపు పగులు ఎక్కువగా రివెట్ రంధ్రం అంచునే పుట్టి దాదాపు తిన్నగా సాగుతుంది. దానికి కారణం గాలి ఒత్తిడి. పైకెగిరిన విమానంలో లోపలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువ. చదరపు మీటరు రేకు మీద ఆ తోపు సుమారు అయిదున్నర టన్నులదాకా ఉంటుంది. దిగగానే అది తగ్గిపోతుంది. ఇలా ప్రతి ప్రయాణంలో రేకు ఒకసారి బిగిసి ఒకసారి సడలుతుంది. రంధ్రం అంచున ఈ లాగుడు మిగతా రేకు మీదికన్నా కొన్ని రెట్లు ఎక్కువ. వేల ప్రయాణాల తరువాత లోహం అలసి అక్కడే చిట్లుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. పగులు మొదట చాలా నెమ్మదిగా, పొడవయ్యేకొద్దీ వేగంగా పెరుగుతుంది.

ఆ చోట రంగు తీసేసి భూతద్దంతో చూసినా గీత పోలేదు. అప్పుడు ఎర్రరంగు ద్రవంతో పరీక్ష చేశారు. శుభ్రం చేసిన రేకుమీద పూసిన ఆ పలుచని ద్రవం పగులులోకి ఇంకడానికి పది, ఇరవై నిమిషాలు ఆగారు. పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచి తెల్లని పొడి చల్లారు. పగులులో దాగిన రంగును పొడి పైకి పీల్చింది. తెలుపు మీద ఎర్రని గీత తేలింది. అయితే ఈ పరీక్ష పైకి తెరుచుకున్న పగుళ్లనే చూపుతుంది. రేకు కింద దాగినవాటికి, పగులు కొస ఎక్కడో తేల్చడానికి ఎడ్డీ కరెంట్ అనే విద్యుత్ పరీక్ష కావాలి.

విమానపు రేకుమీద చిన్న సొట్టకో గీరుకో కొంత మినహాయింపు ఉంటుంది. మరమ్మతు గ్రంథం దాని లోతు, పొడవు హద్దులు చెబుతుంది. ఒత్తిడి మోసే అతుకు దగ్గర చిట్లిన లోహానికి అలాంటి వెసులుబాటు ఉండదు. ఇంజినీరు పగులు చోటు, పొడవు లాగ్‌బుక్‌లో రాసి విమానాన్ని ఆపేశాడు. లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం లేకుండా అది ఎగరదు. ఆపైన పగిలిన భాగాన్ని కోసి తీసి, అదనపు రేకు వేసి రివెట్లు బిగించాలి. అదే వరుసలోని ఇతర రివెట్లనూ పరీక్షించాలి. పక్కపక్కన పుట్టిన చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిస్తే అతుకు మొత్తం ఒక్కసారిగా విడిపోతుంది.

1988 ఏప్రిల్ 28న హవాయిలో జరిగింది అదే. అలోహా ఎయిర్‌లైన్స్ 243వ విమానం, బోయింగ్ 737, హీలో నుంచి హోనలూలు వెళ్తూ 24 వేల అడుగుల ఎత్తుకు చేరగానే దాని ముందుభాగపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక ప్రాణాలు కోల్పోయింది. విమానం మాత్రం మావీ ద్వీపంలో దిగగలిగింది. అప్పటికి అది 89 వేలకు పైగా ప్రయాణాలు పూర్తిచేసింది. ఆరోజు తెల్లవారకముందే, దీపాల వెలుగులో వాక్‌అరౌండ్ జరిగింది. అసాధారణంగా ఏదీ కనిపించలేదు. హీలోలో ఎక్కుతున్నప్పుడు ఒక ప్రయాణికురాలు మాత్రం తలుపు దగ్గర రివెట్ల వరుసలో పగులును గమనించింది. ఎవరికీ చెప్పలేదు.

విమానం ఎక్కేటప్పుడు రేకుమీద కొత్త గీతో, ఊడిన రివెట్టో కంటపడితే, అది తన పని కాదనుకోకుండా ద్వారం దగ్గరి సిబ్బందికి వెంటనే చెప్పాలి. అది ఉత్త రంగు పగులేనా అని తేల్చుకోవడం ఇంజినీరు పని.